కౌంట్ తగ్గితే మగతనం తగ్గినట్టేనా?

దేవరకొండ వైపు ముప్పై ఏళ్ల ఆటో డ్రైవర్ ఒకాయన ఉన్నాడనుకుందాం. పెళ్లయి మూడేళ్లయినా పిల్లలు లేరు. ఇంట్లోవాళ్లు ముందు భార్యనే నల్లగొండకు, హైదరాబాద్‌కు తిప్పారు. ఆమెకు అన్నీ బాగున్నాయని తేలాకే ఈయన వంతు వచ్చింది (మన దగ్గర వరుస ఇదే). వీర్య పరీక్షలో మిల్లీలీటరుకు 90 లక్షల కణాలు వచ్చాయి. స్కానింగ్‌లో ఎడమవైపు చిన్న వేరికోసీల్ ఉందన్నారు. రిపోర్టు చూసిన రాత్రి నుంచి అంగస్తంభన కూడా దెబ్బతింది. ‘ఇగ నాతోని కాదు’ అనుకున్నాడు.

రిపోర్టులో ఆ 90 లక్షల పక్కనే ఉండే కోటీ 60 లక్షలన్నది పాస్ మార్కు కాదు. ఏడాదిలోపే భార్య గర్భం దాల్చిన మగవాళ్లలో అట్టడుగు ఐదు శాతం ఎక్కడుందో చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన అంకె అది. అంతకన్నా తక్కువ కౌంట్‌తో తండ్రులైనవాళ్లూ అందులో ఉన్నారు.

పైగా ఈయనకు నెల కిందటే డెంగీ వచ్చి తగ్గింది. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. కాబట్టి ఇప్పటి కౌంట్‌లో ఆ జ్వరం దెబ్బ ఉండొచ్చు. మూడు నెలలాగి మళ్లీ చేయించాలి. అంతకు ముందు రెండు నుంచి ఏడు రోజులు కలయిక, హస్తప్రయోగం రెండూ ఉండకూడదు. నమూనా గంటలోపు ల్యాబ్‌కు చేరాలి. మొదటి చుక్కలు కింద పడితే చెప్పాలి, ఎక్కువ కణాలు వాటిలోనే ఉంటాయి.

వేరికోసీల్ అంటే వృషణాల పైన సిరలు ఉబ్బడం. నిలబెట్టి, ముక్కమని చెప్పి, డాక్టర్ చేత్తో తడిమి చూడాలి. చేతికి తగలకుండా స్కానింగ్‌లో మాత్రమే కనిపిస్తే ఆపరేషన్ సిఫారసు చేయరు. చేతికి తగిలి, రెండోసారీ కౌంట్ తక్కువే వస్తే అప్పుడు ఆలోచించాలి. చేయించుకున్నా ఫలితం తెలియడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది.

మరి అంగస్తంభన? ఆ ఉబ్బిన సిరలు వృషణాలవి, స్తంభన అంగంలోకి వచ్చే రక్తం, నరాలు, మనసు కలిసి చేసే పని. కణాలు సున్నా ఉన్నవాళ్లకూ స్తంభన, స్ఖలనం మామూలుగానే ఉండొచ్చు. వీర్యంలో ఎక్కువ భాగం వేరే గ్రంథుల ద్రవమే కనుక చూపుకు తేడా తెలియదు. ఈయనకు తెల్లవారుజామున స్తంభన బాగానే ఉందంటే, రాత్రిది చాలావరకు రిపోర్టు పెట్టిన భయమే. అలా కాక నెలల తరబడి తగ్గుతూ వస్తుంటే షుగర్, బీపీ, గుండె చూపించుకోవాలి. ఆ దారి వేరు.

కౌంట్, స్తంభన రెండూ ఒకటేననుకోవడం వల్ల అసలు నష్టం ‘నరాల బలహీనత’ పేరిట వేసే ఇంజెక్షన్లతో జరుగుతుంది. అందులో టెస్టోస్టిరాన్ ఉంటే కణాల తయారీ ఆగి, 90 లక్షలు సున్నాకు పడొచ్చు. మానేశాక మళ్లీ పెరగడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఇప్పటికే ఏదైనా వేయించుకుని ఉంటే రెండో పరీక్షకు వెళ్లేటప్పుడు ఆ మందు చీటీ డాక్టర్‌కు చూపించాలి.