విచక్షణి చెప్పేదెంత, చెప్పనిదెంత

“b² − 4ac కట్టి చూస్తే చాలు, ఇంకేం చూడనక్కర్లేదు. ప్లస్ వస్తే రెండు జవాబులు, జీరో వస్తే ఒక్కటి, మైనస్ వస్తే క్వశ్చనే తప్పు, మార్కులు అడగొచ్చు.”
(నల్గొండ, మిర్యాలగూడ వైపు పదో తరగతి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశం)

ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఇది ఇంతగా చెల్లుబాటవుతోంది. ముందు ఆ నిజం ఎక్కడి నుంచి వస్తున్నదో చూడాలి. ax² + bx + c = 0 అనే సమీకరణాన్ని ఇరువైపులా 4aతో గుణించి, b²ను రెండు వైపులా కలిపి సర్దితే, అది ఇలా మారుతుంది:

(2ax + b)² = b² − 4ac

4aతో గుణించే ఈ పద్ధతి శ్రీధరాచార్యునిదని భాస్కరాచార్యుడు తన బీజగణితంలో పేర్కొన్నాడు. ఎడమవైపు ఉన్నది ఒక వాస్తవ సంఖ్య వర్గం కనుక అది ఎన్నటికీ ఋణం కాదు. కుడివైపు ఉన్న విచక్షణి ధనమైతే 2ax + bకి ధన, ఋణ వర్గమూలాలు రెండూ సరిపోతాయి, సున్నా అయితే సున్నా ఒక్కటే సరిపోతుంది, ఋణమైతే ఏ వాస్తవ సంఖ్యా సరిపోదు. విచక్షణి పనంతా ఇంతే, ఇంతకు మించి అది దేనికీ పూచీ పడదు.

మైనస్ వస్తే ప్రశ్న తప్పన్న మాటను మొదట తీసుకుందాం, ఎందుకంటే పరీక్షలో ఎక్కువ నష్టం చేసేది అదే. ఒక రైతు దగ్గర 100 మీటర్ల కంచె తీగ ఉంది. బత్తాయి అంట్లు పెంచడానికి దానితో దీర్ఘచతురస్రాకారపు మడి చుట్టూ ఒక వరుస కంచె వేయాలనుకున్నాడు. ఒక భుజం x అయితే రెండోది 50 − x అవుతుంది. మడి వైశాల్యం 700 చదరపు మీటర్లు కావాలంటే x² − 50x + 700 = 0 రావాలి; విచక్షణి 2500 − 2800, అంటే −300. ఇక్కడ ప్రశ్న తప్పు కాదు. ఆ తీగతో అంత మడి చుట్టుముట్టడం కుదరదన్నదే దానికి జవాబు, “వాస్తవ మూలాలు లేవు, కాబట్టి సాధ్యం కాదు” అని రాసినవారికే మార్కులు వస్తాయి. ఇంటర్‌లో సంకీర్ణ సంఖ్యలు వచ్చాక ఇదే సమీకరణానికి రెండు మూలాలు దొరుకుతాయి కానీ, వాటితో కంచె వేయలేం.

ప్లస్ వస్తే రెండు జవాబులన్నది కూడా ఇదే మడిలో తేలిపోతుంది. వైశాల్యం 600 చాలనుకుంటే విచక్షణి 100, మూలాలు 20, 30. మూలాలు రెండే, మడి మాత్రం ఒక్కటే: ఒక భుజం 20 అయితే రెండోది 30, ఒకటి 30 అయితే రెండోది 20. విచక్షణి లెక్కపెట్టేది సమీకరణం మూలాలను, లెక్క అడిగిన జవాబులను కాదు; మూలాల్లో ఒకటి ఋణమై పొడవుగా పనికిరాకపోయినా ఆ సంగతి అది చెప్పదు.

వైశాల్యం 625 దగ్గర విచక్షణి సున్నా అవుతుంది, మడి 25 మీటర్ల చతురస్రం అవుతుంది. దీన్ని పాఠ్యపుస్తకం “రెండు సమాన వాస్తవ మూలాలు” అంటుంది. వేర్వేరు విలువలు ఎన్నని అడిగితే ఒకటి అనడంలో తప్పులేదు, కనుక ఈ భాగంతో నాకు పెద్ద పేచీ లేదు. అయితే సున్నా చాలా సున్నితమైన చోటు. అదే వైశాల్యాన్ని 625.2గా రాస్తే విచక్షణి −0.8కి దిగి వాస్తవ మూలాలు మాయమవుతాయి. టేపుతో కొలిచిన అంకెలతో లెక్క కట్టినప్పుడు విచక్షణి సున్నాకు దగ్గరగా వస్తే దాని గుర్తును నమ్మి తీర్పు చెప్పరాదు.

ఇక మిగిలింది “ఇంకేం చూడనక్కర్లేదు” అన్న భరోసా. kx² − 6x + 3 = 0కు ఒకే ఒక వాస్తవ మూలం ఉండాలంటే k ఎంత అని అడిగారనుకుందాం. సందేశాన్ని నమ్మినవారు 36 − 12k = 0 అని వేసి, k = 3 అని ముగిస్తారు. కానీ k = 0 అయినప్పుడు సమీకరణం −6x + 3 = 0గా మిగులుతుంది, దాని మూలం 1/2 ఒక్కటే; అక్కడ సూత్రం మాత్రం 36 ఇచ్చి రెండు మూలాలున్నాయని చెబుతుంది. మొదట 4aతో గుణించాం గదా, a సున్నా అయితే ఆ అడుగే చెల్లదు, అప్పుడది వర్గ సమీకరణమే కాదు. రెండో మూలం ఎటు పోయిందో కూడా చూడవచ్చు: k = 0.01 అయితే మూలాలు సుమారు 0.5, 599.5, kను సున్నాకు ఇంకా దగ్గరగా తెచ్చినకొద్దీ పెద్ద మూలం హద్దు లేకుండా దూరమవుతుంది, చిన్నది 1/2 దగ్గరే నిలుస్తుంది. ప్రశ్నలో “వర్గ సమీకరణం” అని స్పష్టంగా ఇస్తే k = 3 ఒక్కటే జవాబు, ఉత్త “సమీకరణం” అని ఇస్తే 0, 3 రెండూ రాయాలి.