మూత పెట్టేవాళ్ళు, మూత తీసేవాళ్ళు

మనుషులు రెండు రకాలు. ఆవకాయ సీసా మూత తీసేవాళ్ళు, తీసిన మూత మళ్ళీ పెట్టేవాళ్ళు. మా అక్కావాళ్ళింట్లో మొదటి రకం నలుగురున్నారు. రెండో రకం మా అక్క ఒక్కతే. ఈ విభజన స్పిన్ బౌలింగ్‌కి కూడా అక్షరాలా వర్తిస్తుందని ఈమధ్యే మా మేనల్లుడి పుణ్యమా అని తెలిసింది. కుడి చేత్తో మూత బిగించే దిశలో బంతిని తిప్పితే ఆఫ్ స్పిన్, విప్పే దిశలో తిప్పితే లెగ్ స్పిన్. ఎడమచేతి వాటం వాళ్ళు దీన్ని అద్దంలో చూసుకోవాలి.

మావాడికి పద్నాలుగేళ్ళు. 1993లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో షేన్ వార్న్ వేసిన బంతి లెగ్ స్టంప్ అవతల పడి, గ్యాటింగ్ బ్యాట్ పక్కనుంచి వెళ్ళి ఆఫ్ స్టంప్‌ని తాకిన వీడియో చూశాడు. ఆ సాయంత్రానికే లెగ్ స్పిన్నర్ అయిపోయాడు. అదే మైదానంలో 1956లో జిమ్ లేకర్ ఆఫ్ స్పిన్‌తో ఒక్క టెస్టులో పందొమ్మిది వికెట్లు తీశాడురా అని చెప్పి చూశాను. "బ్లాక్ అండ్ వైటా మామయ్యా?" అని అడిగి ఆ చాప్టర్ మూసేశాడు.

నిజానికి ఆఫ్ స్పిన్ మన రక్తంలోనే ఉంది. గులాం అహ్మద్, శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్, అందరూ హైదరాబాద్ ఆఫ్ స్పిన్నర్లే. దీనికి నా దగ్గరొక సిద్ధాంతం ఉంది. ఆఫ్ స్పిన్‌లో అసలు పని చూపుడు వేలిది. ఎదుటివాడి తప్పు చూపించడానికి పుట్టినప్పటినుంచీ వాడుతున్నాం కాబట్టి ఆ వేలికి మన దగ్గర సాధన ఎక్కువ. బంతి నడుము చుట్టూ ఉబ్బెత్తుగా ఉండే కుట్టు, అంటే సీమ్‌కి అడ్డంగా చూపుడు వేలు, మధ్య వేలు బాగా ఎడం చేసి పెట్టాలి. వేళ్ళ పై కణుపులు సీమ్ మీద ఆనాలి. కింద ఉంగరం వేలు ఆసరా, బొటన వేలు పెళ్ళికొచ్చిన దూరపు చుట్టంలా పక్కన ఊరికే ఉంటుంది. వదిలేటప్పుడు చూపుడు వేలితో బంతిని పైనుంచి కుడివైపు కిందికి గట్టిగా లాగుతూ మణికట్టు తిప్పాలి. మూత బిగుసుకుంది. సీమ్ లెగ్ స్లిప్ వైపు చూస్తూ వెళ్ళిన బంతి, కుడిచేతి బ్యాటర్‌కి లోపలికి తిరుగుతుంది.

లెగ్ స్పిన్‌కి వచ్చేసరికి పని ఉంగరం వేలికి పడుతుంది. ఉంగరం తొడిగించుకోవడం తప్ప జీవితంలో ఏ బాధ్యతా ఎరగని వేలు అది. చూపుడు వేలు, మధ్య వేలు సీమ్‌కి అడ్డంగా పైన, మరీ ఎడం లేకుండా. ఉంగరం వేలు, చిటికెన వేలు మడిచి కింద. మడిచిన ఉంగరం వేలి పక్కభాగం సీమ్‌ని ఆనుకోవాలి. మణికట్టును ముందు లోపలికి మడుచుకుని, వదిలేటప్పుడు ఒక్కసారిగా విప్పాలి. అప్పుడు ఉంగరం వేలు బంతి కుడిపక్కని పైకెత్తి ఎడమవైపుకి తోస్తుంది. మూత ఊడింది. సీమ్ స్లిప్ వైపు చూస్తుంది, బంతి బ్యాటర్ నుంచి బయటికి తిరుగుతుంది.

ఇంత సులువని నేను టెర్రస్ మీద ఉపన్యాసం ఇచ్చాక, మావాడు ఆరు బంతులు వేశాడు. నాలుగు తిన్నగా వచ్చాయి, ఒకటి నీళ్ళ ట్యాంకు మీదకెళ్ళింది, ఒకటి లోపలికి తిరిగింది. ఆ లోపలికి తిరిగినదాన్ని చూసి వాడు చేతులు పైకెత్తి "గూగ్లీ!" అని అరిచాడు. లెగ్ స్పిన్నర్ అనుకుని లోపలికి తిప్పితే గూగ్లీ, అనుకోకుండా తిరిగితే రోగలక్షణం.

దర్యాప్తు మొదలుపెట్టాం. టెన్నిస్ బంతికి అలాంటి సీమ్ ఉండదు కాబట్టి నడుము చుట్టూ నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టాను. పది అడుగుల దూరంలో నిలబడి, పరుగు లేకుండా, నా చేతిలోకి తిప్పి విసరమన్నాను. సరిగ్గా తిరిగితే గాల్లో ఆ నల్ల గీత కదలకుండా ఒకే దిక్కు చూస్తుంది. మావాడి గీత తాగినవాడి సంతకంలా వణికింది. అంటే బంతిని వేళ్ళు తిప్పడం లేదు, ఊరికే వదిలేస్తున్నాయి.

తర్వాత హస్తసాముద్రికం. అరచెయ్యి చాపమన్నాను. లెగ్ స్పిన్నర్‌కి ఉంగరం వేలి లోపలి పక్క ఎర్రబడాలి, ఆఫ్ స్పిన్నర్‌కి చూపుడు వేలి పై కణుపు దగ్గర. మావాడికి ఎర్రబడినవి రెండే, అరచెయ్యి, బొటన వేలు. గోంగూర కట్ట పట్టుకున్నట్టు బంతిని గుప్పెట్లో అదిమేస్తున్నాడన్నమాట. అరచేతికీ బంతికీ మధ్య కాస్త సందు ఉండాలి. బొటన వేలు నొక్కితే బంతికి బ్రేకు పడుతుంది. ఆ బొటన వేలిని బంతి మీదనుంచి పూర్తిగా తీసేసి ఇరవై బంతులు వెయ్యమన్నాను. మొదటి ఐదూ జారిపోయాయి. ఏడోదానికి నల్ల గీత నిలబడింది.

ఇక గూగ్లీ సంగతి. గూగ్లీలో చెయ్యి చేసేది మూత విప్పే పనే. కాకపోతే చేతివెనక బ్యాటర్ వైపుకి తిరిగిపోయి, బంతి చిటికెన వేలి పక్కనుంచి బయటికొస్తుంది. సీసాని అటుపక్కనుంచి చూసినట్టు, విప్పుతున్నది బిగిస్తున్నట్టు అవుతుంది. మావాడి అసలు జబ్బు ఇదే. వారం రోజులు ఫోన్‌లో చూసి గూగ్లీయే సాధన చేశాడట. మణికట్టు అలాగే అలవాటుపడిపోయింది, బయటికి తిరిగే మామూలు లెగ్ బ్రేక్ వేద్దామన్నా చేతివెనక ముందుకొచ్చేస్తోంది. గూగ్లీ మరిగి లెగ్ బ్రేక్ పోగొట్టుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు, మావాడు చాలా చిన్న వయసులోనే ఆ జాబితాలో చేరాడు. మందు ఒకటే, నెల రోజులు గూగ్లీ బంద్. ఇంట్లో కర్ఫ్యూ పెట్టినంత గొడవైంది.

"పోనీ ఆఫ్ స్పిన్ వెయ్యనా?" అన్నాడు చివరికి, నన్ను ఉద్ధరిస్తున్నట్టు. వేశాడు. చెయ్యి బంతి పైనుంచి కాకుండా కిందనుంచి జారింది, బంతి బొంగరంలా తిరుగుతూ వచ్చి నేల తాకాక తిన్నగా జారిపోయింది. సీమ్ పడుకుంటే నేలని పట్టుకోదు మరి. పైగా గట్టిగా తిప్పాలని మోచెయ్యి మడిచి, వదిలేటప్పుడు చాపుతున్నాడు. ఆ చాపడం పదిహేను డిగ్రీలు దాటకూడదని ఐసీసీ నియమం. మా టెర్రస్ మీద కోణమాని లేదు కానీ, దాటిందని ట్యాంకు పక్కన బట్టలారేస్తున్న పక్కింటావిడకి కూడా తెలిసింది.

అన్నట్టు, టెన్నిస్ బంతి తేలిక. అసలు బంతి 156 నుంచి 163 గ్రాములుంటుంది. టెర్రస్ మీద వార్న్ అయినవాడు అది పట్టుకోగానే మళ్ళీ గుప్పెడు బిగించేస్తాడు. మేం అక్కడికింకా రాలేదు.

రాత్రి భోజనాల దగ్గర మావాడు ఆవకాయ సీసా అందుకున్నాడు. రెండు వేళ్ళు పైన, రెండు కింద, బొటన వేలు గాల్లో, మణికట్టు లోపలికి. ఒక్క విదుపుకి మూత ఊడి సాంబారు గిన్నె దాకా దొర్లింది. అక్క నావైపు చూసింది.

"మూత పెట్టరా," అంది.

"అది ఆఫ్ స్పిన్ అమ్మా," అన్నాడు వాడు, అన్నం కలుపుకుంటూ.