వన్‌వే నోటీసు గారికి, నాలుగో ఇంటివాడి నమస్కారం

గౌరవనీయులైన నోటీసు గారికి,

గేటు పక్కన సెక్యూరిటీ గది అద్దానికి నాలుగు మూలలా టేపు వేయించుకుని తమరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. వానకి తడవకుండా తమరికి లామినేషన్ కూడా చేయించారట, సంతోషం. అదే గదిలో వాచ్‌మన్ కూర్చునే కుర్చీకి నాలుగో కాలు పెట్టించమని రెండేళ్లుగా అడుగుతున్నాం. ఆ సంగతి ఇప్పుడెందుకులెండి.

నిన్న మధ్యాహ్నం జరిగింది తమరు కళ్లారా చూశారు. అయినా చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టదు. ఒంటిగంట ఎండలో స్కూటర్ హుక్కుకి దోసెల పిండి కవరు తగిలించుకుని వచ్చాను. గేటు దాటి ఎడమకి తిరిగితే నాలుగో ఇల్లు మాది. అరవై మీటర్లు కూడా ఉండదు. పద్నాలుగేళ్ల అలవాటు కదా, చెయ్యి ఎడమకే తిరిగింది. విజిల్ పడింది. సరేనని ఇంజన్ ఆపి, దిగి, బండి తోసుకుంటూ బయల్దేరాను. నడిచేవాడికి వన్‌వే ఏమిటి అని నా తెలివి.

వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. "తోసుకెళ్లినా బండి బండే కదా సార్. సెక్రటరీ గారు కెమెరాలో చూస్తారు. నా ఉద్యోగం పోతది."

అతని ఉద్యోగం తీసే పాపం నాకెందుకని వెనక్కి తిప్పి, కాలనీ చుట్టూ ప్రదక్షిణ చేసి ఇల్లు చేరాను. చేరేసరికి గ్రూపులో నా ఫోటో ఉంది. వంగి స్కూటర్ తోస్తున్నాను, పిండి కవరు వేలాడుతోంది. కింద "రాంగ్ సైడ్. ఫైన్ రూ. 200. మెయింటెనెన్స్‌లో కలుపుతాం" అని రాశారు. దానికి పదకొండు బొటనవేళ్లు. ఒకటి మా ఆవిడది.

కాలనీ రోడ్లని లేఅవుట్ అప్రూవల్ అప్పుడే గిఫ్ట్ డీడ్ రాసి మున్సిపాలిటీకి ఇచ్చేశాం కదా, ఆ రోడ్డు మీద ఫైన్ వేయడానికి మనమెవరం అని అడగొచ్చు. అడిగితే గేటు ఎందుకు పెట్టాం అనే దాకా పోతుంది, అందుకే ఊరుకున్నాను.

తమరిలో రెండు మాటలున్నాయి. గంటకి 15 కిలోమీటర్లు మించరాదు. కుడివైపు నుంచి లోపలికి వెళ్లి ఎడమవైపు నుంచి బయటికి రావాలి. మొదటిదానితో నాకు పేచీ లేదు. ముప్ఫైలో వస్తున్నవాడు బంతి కోసం ఉరికిన పిల్లాడిని చూసి బ్రేకు మీద కాలు పెట్టడానికి ఒక్క సెకను పడితే, ఆలోపే బండి ఎనిమిది మీటర్లు వచ్చేస్తుంది. పదిహేనులో అయితే నాలుగు. ఆ నాలుగు మీటర్ల తేడా ఎంత పెద్దదో పిల్లలున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. నా స్కూటర్ మీటరులో సున్నా తర్వాత అంకె ఇరవై. అయినా ఆ రెంటి మధ్య ఎక్కడో ముల్లుని నిలబెట్టి నెట్టుకొస్తున్నాను.

నాకు మింగుడుపడనిది రెండో మాట. తమరి మొదటి వాక్యమే "పిల్లల భద్రత దృష్ట్యా" అని మొదలవుతుంది. మరి పిల్లలు ఎక్కడ ఆడుకుంటారు స్వామీ? పార్కు ముందు. పార్కు ఎక్కడుంది? కాలనీ వెనకాల, కుడి రోడ్డునీ ఎడమ రోడ్డునీ కలిపే అడ్డ రోడ్డు మీద.

నిన్న పిండి ఫ్రిజ్‌లో పెట్టి, పెన్ను తీసుకుని కూర్చున్నాను. కుడి రోడ్డులో నలభై ఇళ్లు, ఎడమ రోడ్డులో నలభై, పార్కు రోడ్డులో పదహారు. మొన్నటిదాకా ఎవరి రోడ్డున వాళ్లు గేటు నుంచి వచ్చి, అదే దారిన పోయేవాళ్లం. పార్కు ముందు తిరిగేవి ఆ పదహారు ఇళ్ల బండ్లు మాత్రమే. ఇప్పుడు? మాలాంటి ఎడమ రోడ్డువాళ్లు లోపలికి రావాలంటే పార్కు మీదుగా రావాలి. కుడి రోడ్డువాళ్లు బయటికి పోవాలంటే పార్కు మీదుగా పోవాలి. ఎవరు ఏ పనికి ఒకసారి వెళ్లొచ్చినా పార్కు ముందు ఒకసారి తిరగక తప్పదు. పాలబ్బాయి, గ్యాస్ బండి, స్కూలు బస్సు, బిర్యానీ తెచ్చే కుర్రాడు, అందరూ అంతే. పదహారు ఇళ్ల రోడ్డుని తొంభై ఆరు ఇళ్ల రోడ్డు చేశారు. పిల్లల కోసం!

ఇంకోటుంది. పార్కు మలుపు దగ్గర మునుపు ఎదురుగా ఎవడొస్తాడో తెలియక అందరూ నెమ్మదించేవాళ్లం, హారన్ కొట్టేవాళ్లం. ఆ భయమే మాకు స్పీడ్ బ్రేకర్. ఇప్పుడు ఎదురు ఎవరూ రారని తమరే సంతకంతో సహా హామీ ఇచ్చారు. దాంతో కాలు దానంతటదే నొక్కుతోంది. దూరం పెరిగింది, చిరాకు పెరిగింది, ఎదురు లేదు. సాయంత్రం ఐదున్నరకి పార్కు బెంచీ మీద కూర్చుని చూడండి, పదిహేనులో వచ్చేది ముసలాయన సైకిలు ఒక్కటే.

దానికి మందుగా నలుపూ పసుపూ రబ్బరు పట్టీలు బిగించారు. స్పీడ్ బ్రేకరు అంటే దాదాపు 3.7 మీటర్ల వెడల్పున మెల్లగా లేచి, 10 సెంటీమీటర్ల ఎత్తుకి వెళ్లి, మెల్లగా దిగాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లు ఎప్పుడో రాసిపెట్టారు. మనది అడుగు వెడల్పు. కారు దాని మీద దబ్బున పడుతుంది, బైకువాళ్లు కాలవ పక్క సందులోంచి దూరిపోతారు. రెండు బోల్టులు అప్పుడే పైకి లేచి టైర్ల కోసం ఎదురుచూస్తున్నాయి.

అసలు ఈ వన్‌వే ఎందుకొచ్చిందో తమరికీ తెలుసు, నాకూ తెలుసు. మనవి ముప్ఫై అడుగుల రోడ్లు. రెండు కార్లు హాయిగా ఎదురెదురు పోవచ్చు. కానీ ప్రతి ఇంటికీ గేటు ముందు మూడడుగుల ర్యాంపు, పక్కన పూలకుండీలు. వాటిని ఆనుకుని రెండో కారు రోడ్డు మీదే. అటొకటి ఇటొకటి ఆగితే మధ్యలో పన్నెండడుగులు మిగులుతుంది. ఒక్క కారే పడుతుంది. ఒక పక్కే పార్కింగ్ అని రాస్తే సరిపోయేది. అలా రాస్తే ప్రెసిడెంటు గారి రెండో కారు ఎక్కడ పెడతారు? పార్కు మలుపులో, బూడిదరంగు కవరు కప్పుకుని, ఆర్నెల్లుగా కదలకుండా ఉన్నది ఆయనదే. దాని వెనక నుంచి పిల్లాడు బయటికొస్తే వచ్చేవాడికి కనపడడు. ఆ కారుకి ఫైన్ లేదు. నా దోసెల పిండికి రెండు వందలు! సిగ్గుండాలి కదండీ ఎవరికైనా. తమరిని కాదు, తమరు కాగితం.

నిన్న రాత్రి గాలికి తమరి టేపు రెండు మూలల్లో ఊడి, తమరు టపటపా కొట్టుకుంటుంటే చూశాను. వాచ్‌మన్ మూడుకాళ్ల కుర్చీలో నిద్రపోతున్నాడు. 15 అని రాసి ఉన్న మూలని నేనే నొక్కి అతికించి వచ్చాను. బాణం గుర్తున్న మూలని ముట్టుకోలేదు.

ఇట్లు,
గేటు నుంచి అరవై మీటర్ల దూరంలో, ఏడు వందల అరవై మీటర్లు తిరిగి ఇల్లు చేరుతున్న
నాలుగో ఇంటివాడు