ఇంట్లో పెట్టిన టీవీకి షాపు మోడ్ ఎందుకు?

శనివారం పొద్దున్నే అత్తయ్యవాళ్లు విజయవాడ నుంచి వస్తున్నారు. శుక్రవారం సాయంత్రం కొత్త టీవీ దిగింది. బిగించేవాళ్లు మాత్రం సోమవారం వస్తారట! అప్పటిదాకా చుట్టాలు గోడ చూస్తూ కూర్చోవాలా?

"నువ్వే పెట్టెయ్యమ్మా" అన్నారు నాన్న. కాళ్లు బిగించి టేబుల్ మీద నిలబెట్టాను. సెట్‌టాప్ బాక్స్ కేబుల్ గుచ్చితే No Signal. కేబుల్ ఉన్నది HDMI 2లో, టీవీ చూస్తున్నది HDMI 1ని. రిమోట్‌లో సోర్స్ మార్చగానే బొమ్మ వచ్చింది. ఈ ఒక్క ముక్క టీవీతో ఇచ్చే పుస్తకంలో పెద్ద అక్షరాల్లో రాస్తే ఏం పోయింది?

అసలు బాధ తర్వాత మొదలైంది. రంగులు కళ్లలో పొడుస్తున్నాయి. తెర మీద ప్రకటనల పట్టీ. వెలుతురు తగ్గిస్తే కాసేపటికి మళ్లీ మొదటికే! "పాడైంది ఇచ్చారు" అని తాతయ్య. కస్టమర్ కేర్‌కి ఫోన్ చెయ్యమని అమ్మ. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. అయినా చేశాను. ఇరవై నిమిషాలు పాట వినిపించి కట్ చేశారు.

చివరికి సెట్టింగ్స్‌లో నేనే పట్టుకున్నాను. మొదట్లో ఇల్లా, షాపా అని టీవీ అడిగినప్పుడు తమ్ముడు Store Mode నొక్కేశాడు. షాపు లైట్ల మధ్య మెరవడానికి పెట్టిన మోడ్ అది. Home Mode చేయగానే పట్టీ పోయింది, నేను పెట్టిన వెలుతురు నిలిచింది.

పొద్దున్న అత్తయ్య, "బొమ్మ భలే ఉందన్నయ్యా, ఎవరు పెట్టారు?" అంది.

"ఏముంది, రిమోట్ నొక్కడమేగా" అన్నారు నాన్న.

మూడు గంటలు, నాన్నా!