ఇంటర్వెల్ ట్రైనింగ్‌లో కొవ్వుకు వేరే నిష్పత్తి లేదు

కాసేపు గట్టిగా చేసి, కాసేపు ఆగి, మళ్లీ మొదలుపెట్టే ఇంటర్వెల్ ట్రైనింగ్ గురించి జిమ్ గోడల మీద, ఫోన్లలో తిరిగే రీల్స్‌లో ఇప్పుడు ఒకే పాఠం వినిపిస్తోంది. కొవ్వు తగ్గాలంటే 20 సెకన్లు గట్టిగా చేసి 10 సెకన్లు ఆగాలట. స్టామినా పెరగాలంటే ఎంతసేపు పరుగో అంతసేపు విశ్రాంతి ఉండాలట. ఈ పాఠంలో రెండో సగానికి ఆధారం ఉంది, మొదటి సగానికి లేదు. పని-విశ్రాంతి నిష్పత్తి మార్చితే ఊపిరి మారుతుంది, వేగం మారుతుంది, కాళ్ల ఓర్పు మారుతుంది. కొవ్వు కరగడంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాదు. ఈ సంగతి దాచిపెట్టి జనం చేత చెమటలు కక్కిస్తున్నారు.

విశ్రాంతి సమయంలో ఒంట్లో ఏం జరుగుతుందో ముందు చూద్దాం. గట్టిగా పరిగెత్తేటప్పుడు కండరం మొదటి కొన్ని సెకన్లు తన దగ్గర నిల్వ ఉన్న ఫాస్ఫోక్రియేటిన్‌ను ఖర్చు చేస్తుంది. ఆగిన తర్వాత సుమారు అర నిమిషంలో అందులో సగం తిరిగి నిండుతుంది. పూర్తిగా నిండాలంటే మూడు నుంచి ఐదు నిమిషాలు కావాలి. గుండె, ఊపిరితిత్తుల తీరు వేరు. అవి నెమ్మదిగా వేడెక్కుతాయి. గట్టి పరుగు మొదలుపెట్టాక శరీరం తీసుకోగలిగిన గరిష్ఠ ఆక్సిజన్‌కు, అంటే వీఓటూ మ్యాక్స్‌కు, దగ్గరగా చేరడానికి ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు పడుతుంది. కాబట్టి విశ్రాంతి ఎక్కువ ఇస్తే ప్రతి పరుగూ వేగంగా వస్తుంది గానీ ఆక్సిజన్ వాడకం మళ్లీ కిందికి దిగిపోతుంది. తక్కువ ఇస్తే వేగం తగ్గుతుంది గానీ గుండె పైస్థాయిలోనే పని చేస్తూ ఉంటుంది. నిష్పత్తి నిర్ణయించేది ఈ రెండింటినే.

మరి 20-10 లెక్క ఎక్కడి నుంచి వచ్చింది? జపాన్ స్పీడ్ స్కేటింగ్ జట్టుకు ఇరిసావా అనే కోచ్ చేయించిన సాధన అది. దాన్ని ఇజుమి తబాటా బృందం పరీక్షించి 1996లో ఫలితాలు ప్రచురించింది. కుర్రాళ్లను స్థిర సైకిల్ ఎక్కించి, వీఓటూ మ్యాక్స్ స్థాయికి 170 శాతం తీవ్రతతో 20 సెకన్లు తొక్కించి, 10 సెకన్లు ఆపేవారు. ఏడెనిమిది సార్లకే ఇక కాళ్లు కదలని స్థితి. ఆరు వారాల్లో వాళ్ల వీఓటూ మ్యాక్స్ కిలో బరువుకు నిమిషానికి 7 మిల్లీలీటర్లు పెరిగింది. ఆక్సిజన్ చాలనప్పుడు పనిచేసే సామర్థ్యం 28 శాతం పెరిగింది. ఆ పరీక్ష అడిగిన ప్రశ్నే ఓర్పు గురించి, కొవ్వు గురించి కాదు. దాన్ని తెచ్చి జంపింగ్ జాక్స్‌కు అతికించి ‘ఫ్యాట్ బర్నర్’ అని బోర్డు పెట్టడం ఎంతవరకు న్యాయం?

లెక్క వేసి చూడండి. మామూలు ఆరోగ్యవంతుడు నాలుగు నిమిషాల పాటు తన గరిష్ఠ స్థాయిలో, నిమిషానికి మూడు లీటర్ల ఆక్సిజన్ వాడాడనుకుందాం. మొత్తం 12 లీటర్లు. లీటరుకు దాదాపు 5 కేలరీల చొప్పున 60 కేలరీలు. ఒక ఇడ్లీ, కాస్త చట్నీ. ‘వ్యాయామం అయిపోయాక కూడా రోజంతా కొవ్వు కరుగుతూనే ఉంటుంది’ అని చెప్పే ఆఫ్టర్‌బర్న్ నిజమే గానీ అది చాలా చిన్నది. వ్యాయామంలో అయిన ఖర్చుకు 6 నుంచి 15 శాతం మాత్రమే అదనంగా వస్తుంది. 60లో 15 శాతం అంటే తొమ్మిది కేలరీలు.

అవతలి వాదన కొట్టిపారేయదగ్గది కాదు. ఆస్ట్రేలియాలో యువతుల చేత 8 సెకన్ల వేగం, 12 సెకన్ల నెమ్మది చొప్పున 20 నిమిషాలు సైకిల్ తొక్కించారు. పదిహేను వారాల్లో వాళ్ల కొవ్వు రెండున్నర కిలోల దాకా తగ్గింది. నిలకడగా తొక్కినవాళ్లకు అలా తగ్గలేదు. 2008లో వచ్చిన ఆ ఫలితం చూపించే చాలామంది ఇంటర్వెల్ వైపు మొగ్గారు. కానీ ఆ తర్వాత అలాంటి పరీక్షలెన్నింటినో కలిపి చూసిన 2017 నాటి సమీక్షలో, అధిక బరువు ఉన్నవాళ్లలో ఇంటర్వెల్ చేసినవాళ్లకూ నిలకడగా చేసినవాళ్లకూ కొవ్వు దాదాపు ఒకేలా తగ్గిందని తేలింది. ఇంటర్వెల్‌కు పట్టిన సమయం మాత్రం సుమారు 40 శాతం తక్కువ. సమయం మిగలడం మంచి లాభమే, దాన్ని కాదనను. అయితే అది గడియారంలో వచ్చిన లాభం, కొవ్వులో కాదు.

కాబట్టి బరువు తగ్గాలని వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఏ నిష్పత్తిలో ఎక్కువసేపు, వారాల తరబడి, మోకాళ్లు పట్టేయకుండా చేయగలరో అదే మీ నిష్పత్తి. నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చాలామందికి కుదురుతుంది. 80 కిలోల మనిషి అలా అరగంటలో మూడున్నర కిలోమీటర్లు పోతే సుమారు 250 కేలరీలు ఖర్చవుతాయి. వారానికి మూడు రోజులంటే 750. కిలో కొవ్వులో సుమారు 7700 కేలరీలు ఉంటాయి. అంటే తిండి మార్చకుండా ఒక కిలో తగ్గడానికి పది వారాలు. సాయంత్రం బజ్జీలు మానకుండా స్టాప్‌వాచ్‌లో సెకన్లు సవరించుకుంటే ఒరిగేదేమీ లేదు.

ఓర్పు దగ్గరికి వస్తే నిష్పత్తికి అసలు విలువ కనిపిస్తుంది. నార్వేలోని ట్రోండ్‌హైమ్ పరిశోధకులు 2007లో ప్రచురించిన పరీక్షలో నాలుగు జట్లు మొత్తమ్మీద సమానమైన పని చేశాయి. వారానికి మూడు రోజుల చొప్పున ఎనిమిది వారాలు. రెండు జట్లు నిలకడగా పరిగెత్తాయి. ఒక జట్టు 15 సెకన్ల పరుగు, 15 సెకన్ల నెమ్మది పద్ధతిలో వెళ్లింది. నాలుగో జట్టు నాలుగు నిమిషాల గట్టి పరుగు, మూడు నిమిషాల తేలిక జాగింగ్ చొప్పున నాలుగు సార్లు చేసింది. నిలకడ జట్ల వీఓటూ మ్యాక్స్‌లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. 15-15 జట్టుకు 5.5 శాతం, నాలుగు నిమిషాల జట్టుకు 7.2 శాతం పెరిగింది. నాలుగే ఎందుకు? పైస్థాయికి చేరడానికే రెండు నిమిషాలు పోతాయి కదా, మిగతా రెండు నిమిషాలు గుండె అక్కడే నిలబడి పని చేస్తుంది. మూడు నిమిషాల విశ్రాంతి కూడా పూర్తిగా ఆగడం కాదు, జాగింగే. అందుకే తర్వాతి పరుగు సున్నా నుంచి మొదలవదు.

దీన్ని మన దగ్గరే ఒక కుర్రాడికి అన్వయించి చూద్దాం. తెలంగాణలో 2022 కానిస్టేబుల్ నియామకాల ఈవెంట్స్‌లో, అంటే దేహదారుఢ్య పరీక్షల్లో, మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాల్సి ఉండేది. అంటే 400 మీటర్ల చుట్టుకు సుమారు 109 సెకన్లు. మన కుర్రాడికి ఇప్పుడు 8 నిమిషాలు పడుతోంది, అంటే చుట్టుకు 120. గ్రౌండ్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది చేసేది రోజూ 1600 పరిగెత్తి టైమ్ చూసుకోవడం. రోజూ అదే 8 నిమిషాలు, రోజూ అదే టెన్షన్. దానికి బదులు ఈ కుర్రాడు వారంలో ఒకరోజు 400 మీటర్లను 108 సెకన్ల చొప్పున ఆరు సార్లు పరిగెత్తాలి. మధ్యలో 108 సెకన్లు నడక, జాగింగ్ కలిపి. ఇది ఒకటికి ఒకటి. రెండు మూడు వారాలకు వేగం అదే ఉంచి విశ్రాంతిని 80 సెకన్లకు తేవాలి, ఆ తర్వాత 54కు. అప్పుడది రెండుకు ఒకటి అవుతుంది. వేగం పెంచొద్దు, విశ్రాంతి కొయ్యాలి. పరీక్ష రోజు విశ్రాంతే ఉండదు కాబట్టి సాధన కూడా అటువైపే నడవాలి. వారంలో మరోరోజు నార్వే పద్ధతిలో నాలుగు నిమిషాలవి నాలుగు. మిగతా రోజుల్లో పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలిగినంత తేలిక పరుగు, ఒకరోజు పూర్తి సెలవు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మొదటి చుట్టులోనే. ఉత్సాహంగా 95 సెకన్లలో కొట్టేస్తాడు. రెండోది 104, మూడోది 113, ఆరోది 125. ఆ రోజు అతను సాధించింది అలసట ఒక్కటే. ఆరో చుట్టు మొదటి చుట్టుకు రెండు మూడు సెకన్ల లోపు ఉంటేనే ఆ నిష్పత్తి అతనికి సరిపోయినట్టు. ఇంకో కొలత కూడా ఉంది. 1930లలో జర్మన్ కోచ్ గెర్ష్‌లర్, వైద్యుడు రైండెల్ కలిసి పెట్టిన నియమం ఇది: పరుగులో నాడి 180 దాకా వెళ్లాలి, ఆగాక 90 సెకన్ల లోపు 120కి దిగాలి. దిగకపోతే వేగమైనా ఎక్కువై ఉండాలి, దూరమైనా ఎక్కువై ఉండాలి. వాళ్ల శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో 800 మీటర్లలో 1 నిమిషం 46.6 సెకన్ల ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. నాడి చూసుకోవడానికి స్మార్ట్‌వాచ్ అక్కర్లేదు. దవడ కింద, గొంతు పక్కన రెండు వేళ్లు మెల్లగా ఆనించి పది సెకన్లు లెక్కపెట్టండి. ఇరవై వస్తే 120. ఇరవై అయిదో ఇరవై ఆరో వస్తుంటే ఇంకా బయల్దేరొద్దు. ఇది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ల లెక్క. యాభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు 180 వెంట పడకూడదు, డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. ఎండాకాలంలో అదే వేగానికి నాడి ఇంకా పైకి వెళ్తుంది, కాబట్టి తెల్లారకముందే ముగించుకోవాలి.

ఇక నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం. ఇరవై రెండేళ్ల కుర్రాడికి 1600 మీటర్లు ఎనిమిది నిమిషాలు ఎందుకు పడుతోంది? పదో తరగతి దాకా ఆటల పీరియడ్‌ను లెక్కల పీరియడ్ మింగేసింది. ఇంటర్ రెండేళ్లూ అపార్ట్‌మెంట్ లాంటి భవనంలో, లిఫ్ట్ ఎక్కి దిగడమే కదలికగా గడిచాయి. ఊపిరి పెరగాల్సిన వయసులో పిల్లల్ని కుర్చీకి కట్టేసి, ఉద్యోగ ప్రకటన రాగానే పరిగెత్తమంటున్నాం. వాళ్ల మీద ఆశ పెట్టుకున్న తల్లిదండ్రులు అప్పు తెచ్చి ఈవెంట్స్ కోచింగ్‌కు ఫీజు కడుతున్నారు. ఎనిమిది వారాల ఇంటర్వెల్స్‌తో ఆ కుర్రాడు గట్టెక్కొచ్చు, కానీ పదేళ్లు పోగొట్టుకున్నది ఎనిమిది వారాల్లో మొత్తం తిరిగి రాదు. మన జనంలో గుండె జబ్బులు, షుగర్ చిన్న వయసులోనే వస్తున్నాయని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. మనం మాత్రం వేయింగ్ మెషిన్ మీద అంకె చూసుకుని కొవ్వు కరిగించే సెకన్ల కోసం వెతుకుతున్నాం.

స్థలం లేదని కాలేజీలు చెప్పే సాకు నేను ఒప్పుకోను. 60 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు ఉన్న ఖాళీ జాగా చుట్టూ ఒకసారి తిరిగితే 200 మీటర్లు. రెండు చుట్లకు 400. అది ఆంధ్రా లెక్కలో 60 సెంట్లు, తెలంగాణ లెక్కలో 24 గుంటలు. వందల మంది పిల్లల దగ్గర ఏడాదికి లక్షల్లో ఫీజు తీసుకునే కాలేజీకి అది మోయలేని భారం కాదు. ఆ జాగా కాగితం మీద కాకుండా నేల మీద ఉందో లేదో అధికారి స్వయంగా వెళ్లి కొలిచాకే ఇంటర్ కాలేజీకి అనుమతి ఇవ్వాలి, లేనిచోట వచ్చే ఏడాది అడ్మిషన్లు ఆపాలి.