అడ్వాన్సులో రంగుల కోత

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి ముందుగా కోత పడేది చాలాసార్లు పెయింటింగు పేరు మీదే. సామాన్ల బండి గుమ్మం ముందు పెట్టుకుని వాదించే ఓపిక ఎవరికుంటుంది? ఇచ్చింది తీసుకుని వెళ్లిపోతారు.

ఆ కోత చాలావరకు అన్యాయమని మా అభిప్రాయం. గోడల రంగు ఎవరున్నా, ఎవరూ లేకున్నా కాలంతో పాటు వెలిసిపోతుంది. మామూలు వాడకంతో వచ్చే ఆ అరుగుదలకు బదులుగానే కదా నెలనెలా అద్దె కట్టేది! అద్దెకున్నవారు భరించాల్సింది తమ వల్ల జరిగిన నష్టాన్ని. అదీ ఆ రంగుకు ఇంకా మిగిలిన ఆయుష్షు మేరకే.

నాలుగు సమానమైన గదుల ఇల్లు అనుకుందాం. దిగేనాటికి వేసిన కొత్త రంగు 5 ఏళ్లు నిలిచేది. 3 ఏళ్లకు ఖాళీ చేశారు. ఒక గదిలో పిల్లలు గోడల నిండా స్కెచ్ పెన్నులతో గీశారు. ఇల్లంతా రంగు వేయించాలంటూ ఓనరు నెల అద్దె పట్టుకున్నారు. పాడైంది ఒక్క గది కాబట్టి ఖర్చులో పావు వంతే లెక్కలోకి రావాలి. రంగుకు మిగిలింది 2 ఏళ్లే కనుక ఆ పావులోనూ ఐదింట రెండు వంతులే. అంటే నెల అద్దెలో పదో వంతు. 3 రోజుల అద్దె పోవాల్సిన చోట 30 రోజులది పోయింది. దిగేనాటికే ఆ రంగు 2 ఏళ్ల పాతదై ఉంటే పోవాల్సింది సున్నా.

పగిలిన వాష్‌బేసిన్‌కో, కట్టని కరెంటు బిల్లుకో ఓనరు డబ్బు పట్టుకుంటే తప్పు పట్టలేం. రంగు సంగతి వేరు. అది ఎప్పుడు వేశారో కాగితం మీద లేకపోతే పై లెక్క నిలబడదు. అందుకే ఆ నెల, సంవత్సరం అగ్రిమెంటులో రాయించుకోవాలి. కోతలకు బిల్లులు చూపాలని, తాళాలు ఇచ్చాక ఎన్ని రోజుల్లో అడ్వాన్సు తిరిగివ్వాలో కూడా అందులోనే ఉండాలి. అద్దె పైసా తగ్గించనని భీష్మించిన ఓనరు కూడా వీటికి ఒప్పుకోవచ్చు, అప్పటికప్పుడు చేతి నుంచి పడేదేమీ లేదు కనుక. అడ్వాన్సు చేతులు మారాక మాత్రం ఆ మెతకదనం ఆశించలేం.

అద్దె పెంచుతామన్నప్పుడూ బేరానికి ఆస్కారముంది. ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే ఓనరుకు ఏడాది అద్దెలో 8 శాతానికి పైగా పోతుంది. సమయానికి కట్టేవారు ఆ మాట మర్యాదగానే గుర్తు చేయవచ్చు.

అడ్వాన్సు రాదన్న భయంతో చివరి నెల అద్దె ఎగ్గొట్టేవారున్నారు. అగ్రిమెంటు అందుకు ఒప్పుకోకపోతే బాకీదారులయ్యేది వారే. దానికంటే ఖాళీ చేయడానికి రెండు వారాల ముందే ఓనరును పిలిచి గదులన్నీ చూపించడం మేలు. పేచీ ఉన్న ఆ ఒక్క గదికి మనమే పెయింటరును మాట్లాడుకునే వ్యవధి దొరుకుతుంది.