యాడ్స్ ఫెయిలవట్లేదు, మనమే నేర్చుకోనివ్వట్లేదు

తిరుపతిలో ట్రావెల్స్ వాళ్లనీ లాడ్జీల వాళ్లనీ ఎవర్ని కదిలించినా ఒకటే మాట, గూగుల్ యాడ్స్‌కి డబ్బులు పోసినా బుకింగ్‌లు రావట్లేదన్నా, ఆ ఆటోమేటిక్ బిడ్డింగ్ అంతా మోసం అని. వాళ్ల అకౌంట్‌లో Change history తెరిచి చూస్తే చాలాసార్లు అసలు కథ అక్కడే కనిపిస్తుంది. సోమవారం టార్గెట్ తగ్గించారు, బుధవారం బడ్జెట్ పెంచారు, గురువారం మళ్లీ టార్గెట్ మార్చారు, శనివారం బిడ్డింగ్ స్ట్రాటజీనే మార్చేశారు. ఆదివారం రాత్రికి మాత్రం రిజల్ట్ లేదంటారు. నేను గట్టిగా చెప్పేది ఏందంటే, ఇట్లాంటి చోట్ల డబ్బుని తినేసింది ఆ సిస్టమ్ కాదు, ఆ మార్పులే.

ముందు అది పనిచేసే తీరు చూద్దాం. టార్గెట్ సీపీఏ అంటే ఒక బుకింగ్‌కి సగటున ఇంత పడాలని మనం చెప్పే రేటు, అది 500 రూపాయలు అని పెట్టామంటే, ప్రతి క్లిక్కునీ చవగ్గా కొనుక్కురమ్మని చెప్పినట్టు చాలామంది అనుకుంటారు. అది కాదు జరిగేది. ఎవరో ఒకరు సెర్చ్ చేసిన ప్రతిసారీ అప్పటికప్పుడు ఒక వేలం జరుగుద్ది, అందులో మన తరఫున సిస్టమ్ వేసుకునే ప్రశ్న ఒకటే: ఈ మనిషి బుక్ చేసే అవకాశం ఎంత? ఆ అవకాశాన్ని మన టార్గెట్‌తో గుణిస్తే వచ్చేదే సుమారుగా బిడ్, అంటే ఆ క్లిక్కుకి మన తరఫున వేసే పాట. బెంగళూరులో శుక్రవారం రాత్రి ఫోన్‌లో ‘తిరుపతి వన్ డే కార్ ప్యాకేజీ’ అని వెతికిన మనిషికి నూటికి 8 అవకాశం ఉందనుకుంటే 40 రూపాయల దాకా వేస్తుంది, ఊళ్లోనే ఉండి ‘క్యాబ్ డ్రైవర్ జీతం’ అని వెతికినతనికి వెయ్యికి 4 అనుకుంటే 2 రూపాయలు. ఏ ఊరు, ఏ టైమ్, ఏ డివైజ్, ఏ భాష, ఏ మాట వెతికారు, ఇంతకుముందు మన సైట్‌కి వచ్చారా, ఇవన్నీ కలిపి చూసే లెక్క అది.

మరి ఆ 8 అనేది యాడి నుంచి వస్తుంది? క్లిక్కులు కొని, అందులో ఎవరు బుక్ చేశారో చూసి, తన అంచనాని సరిచేసుకుంటూ పోవడం వల్ల వస్తుంది. మన అకౌంట్‌లో పాత చరిత్ర ఉంటే దాన్నీ వాడుకుంటుంది, కానీ కొత్త టార్గెట్‌కి కుదురుకోవాలంటే కొత్తగా కొని చూడాల్సిందే. తెల్లవారుజామున చెన్నై నుంచి వెతికేవాళ్లు బుక్ చేస్తారా లేదా అనేది ఎవరూ పుట్టుకతో తెలుసుకుని రారు కదా, కొన్ని క్లిక్కులు కొంటే కదా తెలిసేది. అందుకే మొదట్లో కొంత డబ్బు పనికిరాని చోట కూడా పోతుంది, అది వృథా కాదు, అది సమాచారానికి కట్టే ధర. ఇట్లా కుదురుకోవడానికి సుమారు 50 కన్వర్షన్లు, అంటే సిస్టమ్ లెక్కలోకి వచ్చిన బుకింగ్‌లు గానీ, మూడు కన్వర్షన్ సైకిల్స్ గానీ పట్టొచ్చని గూగులే చెప్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్ నడిపే మెటా అయితే ఒక్కో యాడ్ సెట్‌కి, చివరి పెద్ద మార్పు తర్వాత వారంలో దాదాపు 50 రిజల్ట్స్ కావాలంటుంది.

మూడు సైకిల్స్ అన్నా కదా, ఆ సైకిల్ అనే దగ్గరే మన ఊరి వ్యాపారం ప్రత్యేకంగా దెబ్బ తింటోంది. సైకిల్ అంటే క్లిక్కుకీ బుకింగ్‌కీ మధ్య పట్టే టైమ్. చెప్పుల జత కొనేవాళ్లు ఇప్పుడు నొక్కి ఇప్పుడే కొనేస్తారు. తిరుమల యాత్ర అట్లా కాదు. ఈరోజు మన యాడ్ నొక్కి రేటు చూస్తారు, ఇంట్లో మాట్లాడుకుంటారు, దర్శనం టికెట్ దొరికిందా లేదా చూసుకుంటారు, పెద్దవాళ్లు వస్తారా, కారు ఎన్ని సీట్లది కావాలి, ఇవన్నీ తేల్చుకుని నాలుగైదు రోజులకి వచ్చి అడ్వాన్స్ కడతారు. గూగుల్ మాత్రం ఆ బుకింగ్‌ని కట్టిన రోజు కింద వేయదు, క్లిక్ చేసిన రోజు కింద వేస్తుంది. అంటే నిన్నటి అంకె ఇంకా పూర్తికాలేదు, మొన్నటిదీ పూర్తికాలేదు. చివరి మూడు నాలుగు రోజులు ఎప్పుడు చూసినా నిజంగా ఉన్నదానికంటే దరిద్రంగానే కనిపిస్తాయి.

ఒక లెక్క వేసుకుందాం. రోజుకి 1,500 రూపాయల బడ్జెట్, క్లిక్ సగటున 20 రూపాయలు, అంటే 75 క్లిక్కులు. నూటికి నలుగురు బుక్ చేస్తారనుకుంటే రోజుకి మూడు బుకింగ్‌లు, ఒక్కోదానికి 500, సరిగ్గా మనం అడిగిన రేటే. కానీ అందులో సగమే అదే రోజు వస్తాయి, మిగతా సగం అయిదారు రోజుల్లో మెల్లగా వస్తాయి. రాత్రి పది గంటలకి ఓనర్ యాప్ తెరిస్తే ఏం కనిపిస్తుంది? ఖర్చు 1,500, కన్వర్షన్ ఒకటో రెండో. ఒక బుకింగ్‌కి వెయ్యి దాకా పడుతోందని గుండెలు బాదుకుని టార్గెట్‌ని 500 నుంచి 350కి దించేస్తాడు.

అక్కడ జరిగేది వరసగా చూడండి. 20 రూపాయల బిడ్ 14 అయిపోద్ది. మంచి మనుషుల కోసం పోటీ ఎక్కువ కాబట్టి ముందు చేజారేది వాళ్లే, బెంగళూరు శుక్రవారం రాత్రి మనిషికి వేసే 40 కాస్తా 28 అవుద్ది, పక్క ట్రావెల్స్ వాడు 35 వేసి ఎత్తుకుపోతాడు. ఖర్చు 1,500 నుంచి 600, 700కి పడిపోద్ది. కానీ ఆ వారమే పాత క్లిక్కుల బుకింగ్‌లు వచ్చి పడతాయి, ఫోన్ మోగుతూనే ఉంటది. ఖర్చు తగ్గింది, బుకింగ్‌లు తగ్గలేదు, చూశావా టార్గెట్ తగ్గించడం ఎంత మంచిదైందో అని ఓనర్ సంబరపడతాడు. నన్ను నిజంగా కలవరపెట్టేది ఇదే. తప్పు మార్పు చేసిన వెంటనే అది కరెక్ట్ అని సాక్ష్యం దొరుకుతుంది, ఆ సాక్ష్యం మాత్రం ఆ మార్పుది కాదు, పోయిన వారం క్లిక్కులది. ఇంకో వారానికి ఆ పాత సరుకు అయిపోద్ది, ఫోన్ మూగబోద్ది. అప్పుడు కంగారుగా టార్గెట్ 600 చేస్తాడు, దాని ఫలితం ఇంకో వారం దాకా కనిపించదు, ఆలోపే మళ్లీ ఏదో మారుస్తాడు. ప్రతి మార్పూ అంతకు ముందెప్పుడో ఉన్న సెట్టింగ్ ఫలితాన్ని చూసి జరుగుతోంది, కాబట్టి ఏది పనిచేసిందో ఓనర్‌కీ తెలియదు, సిస్టమ్‌కీ తెలియదు.

పాతదంతా చెరిగిపోయి సున్నా నుంచి మొదలవుద్ది అని కొందరు చెప్తారు, అంత కాదు. నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. కానీ టార్గెట్ మారితే గెలిచే వేలాలే మారిపోతాయి, వచ్చే మనుషులు మారిపోతారు, అప్పటిదాకా కట్టిన అంచనాలు ఈ కొత్త మనుషులకి సరిపోతాయో లేదో మళ్లీ కొని చూడాలి. పై లెక్కలో రోజుకి మూడు బుకింగ్‌లు, 50 కావాలంటే 17 రోజులు. మూడు రోజులకోసారి మార్చేవాడి దగ్గర ఒక సెట్టింగ్ కింద తొమ్మిది బుకింగ్‌లు దాటి ఎప్పటికీ చేరవు.

ఇంకొకటి, ఉన్న 1,500నే తిరుమలకి ఒకటి, కాళహస్తికి ఒకటి, కాణిపాకానికి ఒకటి, శ్రీపురం గోల్డెన్ టెంపుల్‌కి ఒకటి, చెన్నై పికప్‌కి ఒకటి అని 300 చొప్పున అయిదు కాంపెయిన్లు చేసుకునేవాళ్లు ఉన్నారు. ఒక్కోదానికి టార్గెట్ కూడా వేరేగా పెట్టుకుంటారు. ఒక్కో దానికి రెండు రోజులకి ఒక బుకింగ్ కంటే కాస్త ఎక్కువ, అంతే, 50కి 80 రోజులు పైనే. ఒకే రకం కస్టమర్, ఒకే రకం రేటు ఉన్నప్పుడు వాటిని కలిపేయడమే నయం.

దీనికి ఎదురు వాదన ఉంది, అందులో న్యాయం కూడా ఉంది. డబ్బు మనది, మంటల్లో పోతుంటే చూస్తూ కూర్చోమంటారా, ముట్టుకోవద్దని చెప్పేది ఎవరు, మన ఖర్చు మీద బతికే కంపెనీయే కదా అంటారు. నిజమే, వాళ్ల మాట గుడ్డిగా నమ్మమని నేనూ చెప్పను. కానీ నష్టాన్ని ఆపే మార్గం రోజూ కెలకడం కాదు. కుదురుకోవడానికి పట్టే ఈ మూడు వారాల్లో ఎంత పోయినా తట్టుకుంటానో ముందే తేల్చుకుని బడ్జెట్ అక్కడే పెట్టాలి. గూగుల్ ఒక్కో రోజు ఆ బడ్జెట్‌కి రెట్టింపు దాకా ఖర్చు పెట్టొచ్చు, నెల మొత్తం మీద మాత్రం 30.4 రెట్లు దాటి తీసుకోదు, ఒక్క రోజు 2,600 కనిపించిందని భయపడక్కర్లేదు.

అసలు రోగం ఇంకోచోట ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. నెలకింత అని ఫీజు తీసుకునే ఏజెన్సీ కుర్రోణ్ణి క్లయింట్ సాయంత్రమయ్యేసరికి వాట్సాప్‌లో అడిగేది ఒకటే, ఈరోజు ఏం చేశారు? ఏం చేయలేదు సార్, చేయకూడదు కాబట్టి, అని ఆ కుర్రోడు చెప్పలేడు. చెప్తే వచ్చే నెల కాంట్రాక్ట్ ఉండదు. అందుకే ఏదో ఒకటి మార్చి స్క్రీన్‌షాట్ పంపిస్తాడు. మన దగ్గర పని అంటే కంటికి కనిపించే కదలిక. రెండు డోసులకి జ్వరం దిగలేదని ఇంకో డాక్టర్ దగ్గరికి పరిగెత్తేదీ ఈ అలవాటే, కొత్త ఆఫీసరుకి ఊరు అర్థమయ్యేలోపే ట్రాన్స్‌ఫర్ చేసేదీ ఈ అలవాటే. ఓపిక పట్టడం కూడా నైపుణ్యమే అనీ, దానికీ ఫీజు ఇవ్వొచ్చనీ ఒప్పుకునేదాకా ఏ టూల్ వచ్చినా ఇదే గతి. రోజువారీ రిపోర్ట్ అడగడం మానేయాలి. వారానికి ఒకసారి, అదీ చివరి అయిదారు రోజులు వదిలేసి దాని ముందు రెండు వారాలు చూడాలి. మీ వ్యాపారంలో ఎన్ని రోజులు వదిలేయాలో రిపోర్ట్‌లో Days to conversion అనే సెగ్మెంట్ పెడితే అదే చూపిస్తుంది.

అట్లని చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. బుకింగ్‌లు వస్తున్నా కన్వర్షన్లు వరసగా సున్నా చూపిస్తుంటే ట్రాకింగ్ తెగిందని అర్థం, అది ఆ గంటలోనే సరిచేయాలి, తెగిన రోజుల్ని డేటా ఎక్స్‌క్లూజన్ పెట్టి పక్కన పెట్టాలి, లేదంటే ఆ రోజుల్లో వచ్చినవాళ్లంతా పనికిరానివాళ్లని అది నేర్చుకుంటుంది. డ్రైవర్ ఉద్యోగాల సెర్చ్‌లు వస్తుంటే ఆ మాటలు వెతికినప్పుడు మన యాడ్ కనిపించకుండా వాటిని నెగటివ్ కీవర్డ్స్‌లో వేయండి, దానివల్ల లెర్నింగ్ పెద్దగా కదలదు. టార్గెట్ మార్చక తప్పదంటే నూటికి 10, 15 మించకుండా ఒక్కసారి మార్చి, రెండు సైకిల్స్ అయినా ఆగండి. మెటాలో అయితే నడుస్తున్న యాడ్ సెట్‌లోకి కొత్త యాడ్ చేర్చినా లెర్నింగ్ మళ్లీ మొదటికొస్తుంది, అది గుర్తుంచుకోండి.

బ్రహ్మోత్సవాలకి ముందు వారం కూర్చుని కొత్త కాంపెయిన్ మొదలుపెట్టేవాళ్లకి ఒక మాట. పై లెక్క ప్రకారం కుదురుకోవడానికే 17 రోజులు, ఆ మీద చివరి బుకింగ్‌లు లెక్కకి రావడానికి ఇంకో అయిదారు రోజులు. ధ్వజారోహణం తేదీ నుంచి వెనక్కి కనీసం నాలుగు వారాలు లెక్కపెట్టుకుని అప్పుడు మొదలుపెట్టండి, ఉత్సవాల తొమ్మిది రోజులూ టార్గెట్ జోలికి పోకండి.